మార్కులు అవే, శాతాలు నాలుగు

*మాస్టారూ, మా కోర్సులో ఐదు సబ్జెక్టులు, ఒక్కోదానికి ఒక్కో వెయిటేజీ. మ్యాథ్స్‌కి 30 శాతం, ఫిజిక్స్‌కి 25, కెమిస్ట్రీకి 20, ఇంగ్లీషుకి 15, కంప్యూటర్స్‌కి 10. నా మార్కులు ఇవీ: మ్యాథ్స్ 150కి 93, ఫిజిక్స్ 100కి 68, కెమిస్ట్రీ 100కి 74, ఇంగ్లీషు 50కి 44, కంప్యూటర్స్ 50కి 47. అన్నీ కలిపితే 450కి 326, అంటే 72.44 శాతం. మా ఫ్రెండ్ ఒక్కో సబ్జెక్టు శాతం తీసి, కూడి, ఐదుతో భాగిస్తే 77.2 వచ్చింది. అన్నయ్య మార్కుల్ని వెయిటేజీతో గుణించి కూడితే 71 వచ్చింది. వీటిలో ఏది నిజం? నేను చేరాలనుకుంటున్న కోర్సుకి 75 శాతం కావాలి. ఒక్క సబ్జెక్టుకి మాత్రం ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష రాయనిస్తారు. ఏది రాయమంటారు? చాలా టెన్షన్‌గా ఉంది.*
*– ఓ విద్యార్థిని*

మూడూ కావమ్మా. నీ శాతం 73. కచ్చితంగా 73, పాయింటు తర్వాత ఏమీ లేదు.

ముందు ఈ 73 ఎలా వచ్చిందో చూడు. తర్వాత మీ ముగ్గురి లెక్కలూ ఎక్కడ దారి తప్పాయో చెప్తాను. ఎందుకంటే మూడూ ఒకే చోట తప్పలేదు. వాటిలో ఒకటైతే చూడ్డానికి అచ్చం సరైన లెక్కలాగే ఉంటుంది.

మ్యాథ్స్‌కి 30 శాతం వెయిటేజీ అంటే ఏమిటి? నీ చదువంతా కలిపి 100 మార్కుల పరీక్ష ఒకటే ఉందనుకో. అందులో మ్యాథ్స్‌కి కేటాయించినవి 30 మార్కులు. ఫిజిక్స్‌కి 25, కెమిస్ట్రీకి 20, ఇంగ్లీషుకి 15, కంప్యూటర్స్‌కి 10. మొత్తం వంద. ప్రశ్నపత్రం 150 మార్కులకి ఇచ్చారా, 50కి ఇచ్చారా అన్నది పేపరు పొడవుకి సంబంధించిన విషయం. మూడు గంటల పేపరుకి ఒక గరిష్ఠం పెడతారు, గంటన్నర పేపరుకి ఇంకొకటి పెడతారు. ఆ సబ్జెక్టుకి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో చెప్పేది మాత్రం వెయిటేజీ. ఈ రెండూ వేర్వేరు సంఖ్యలని మనసులో పెట్టుకుంటే సగం గందరగోళం అక్కడే పోతుంది.

కాబట్టి చేయాల్సింది ఒకటే. ప్రతి సబ్జెక్టులో వచ్చిన మార్కుల్ని దాని వెయిటేజీ సైజుకి కుదించాలి. మ్యాథ్స్‌లో 150కి 93 వచ్చాయి. వాటిని 30కి కుదించాలంటే 93ని 30తో గుణించి 150తో భాగించు. 18.6 వస్తుంది. అంటే మ్యాథ్స్ కోటా 30లో నీకు దక్కింది 18.6. ఇదే పద్ధతిలో ఫిజిక్స్‌లో 25కి 17, కెమిస్ట్రీలో 20కి 14.8 వస్తాయి. ఇంగ్లీషులో 44ని 15తో గుణించి 50తో భాగిస్తే 13.2. కంప్యూటర్స్‌లో 10కి 9.4. ఈ ఐదూ కూడు. 73 వస్తుంది. ఇక వేరే భాగహారం ఏమీ అక్కర్లేదు, వెయిటేజీలన్నీ కలిపి సరిగ్గా వంద అయ్యాయి కనుక. పుస్తకాల్లో దీన్నే భారిత సగటు అంటారు. భారం అంటే ఇక్కడ వెయిటేజీయే.

ఇప్పుడు నీ 72.44 సంగతి. నువ్వు వెయిటేజీని పట్టించుకోలేదు కదా, కాబట్టి నీది మామూలు సగటు అనుకుంటున్నావు. కాదు. నీదీ భారిత సగటే! కాకపోతే నీ లెక్కలో భారాలు ఎవరూ చెప్పకుండానే వచ్చి కూర్చున్నాయి. మార్కులన్నీ కలిపి 450తో భాగించినప్పుడు, 150 మార్కుల మ్యాథ్స్ ఆ 450లో మూడో వంతు ఆక్రమిస్తుంది. అంటే మ్యాథ్స్‌కి నువ్వు 33.33 శాతం వెయిటేజీ ఇచ్చినట్టే. ఫిజిక్స్‌కీ కెమిస్ట్రీకీ చెరో 22.22, ఇంగ్లీషుకీ కంప్యూటర్స్‌కీ చెరో 11.11 వచ్చాయి. కోర్సు వాళ్లు ఇంగ్లీషుకి 15 అన్నారు, నీ లెక్క 11.11 ఇచ్చింది. నీకు 88 శాతం వచ్చిన సబ్జెక్టు బరువు తగ్గి, 62 శాతం వచ్చిన మ్యాథ్స్ బరువు పెరిగింది. ఫిజిక్స్, కంప్యూటర్స్ దగ్గర కూడా కాస్త అటూ ఇటూ అయ్యాయి. అన్నీ కలిసి నీ శాతం అర పాయింటుకి పైగా తగ్గి కనిపించింది.

మొత్తం మార్కుల్ని మొత్తం గరిష్ఠంతో భాగించే పద్ధతి ఎప్పుడూ తప్పే అని కాదు. ప్రతి సబ్జెక్టు వెయిటేజీ దాని గరిష్ఠ మార్కుల నిష్పత్తిలోనే ఉంటే రెండు పద్ధతులూ ఒకే జవాబు ఇస్తాయి. స్కూల్లో అన్ని సబ్జెక్టులూ వందేసి మార్కులకి ఉండి, అన్నిటికీ సమాన ప్రాధాన్యం ఉన్న రోజుల్లో మనకి ఆ పద్ధతి అలవాటైపోయింది. అప్పుడు పనిచేసింది. ఇప్పుడు గరిష్ఠాలు ఒక లెక్కలో, వెయిటేజీలు ఇంకో లెక్కలో ఉన్నాయి కాబట్టి పనిచేయదు.

మీ ఫ్రెండ్ లెక్క గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. శాతాలు 62, 68, 74, 88, 94. కూడితే 386, ఐదుతో భాగిస్తే 77.2. ఐదుతో భాగించడమంటే ఐదింటికీ తలా 20 శాతం వెయిటేజీ పంచడం. మీ కంప్యూటర్స్‌కి ఉన్నది 10, ఆమె 20 ఇచ్చేసింది. మ్యాథ్స్‌కి 30 ఉంటే 20కి దించింది. ఫలితం ఎక్కువ వచ్చిందంటే దానికీ కారణం ఉంది. నీ శాతాల వరుస ఒకసారి చూసుకో. వెయిటేజీ తగ్గుతున్న కొద్దీ మార్కుల శాతం పెరుగుతూ వచ్చింది. బరువైన సబ్జెక్టుల్లో తక్కువ, తేలిక సబ్జెక్టుల్లో ఎక్కువ. ఇలాంటి మార్కుల జాబితా ఉన్నవాళ్లకి మామూలు సగటు ఎప్పుడూ తీయగా కనిపిస్తుంది, భారిత సగటు దానికంటే కిందే ఉంటుంది. మ్యాథ్స్‌లో 94, కంప్యూటర్స్‌లో 62 వచ్చిన వాళ్లకి ఇదంతా తలకిందులవుతుంది.

అసలు జాగ్రత్తపడాల్సింది మీ అన్నయ్య లెక్కతో. వెయిటేజీతో గుణించాలని ఆయనకి తెలుసు. గుణించాడు కూడా. కానీ శాతాల్ని కాదు, మార్కుల్ని గుణించాడు. 93ని 0.30తో గుణిస్తే 27.9. ఆ తర్వాత వరసగా 17, 14.8, 6.6, 4.7. మొత్తం 71. ఫిజిక్స్, కెమిస్ట్రీ వందకే కాబట్టి అక్కడ మార్కు, శాతం ఒకటే, తేడా రాలేదు. మ్యాథ్స్ దగ్గర 18.6 రావాల్సిన చోట 27.9 వచ్చింది, అంటే 9.3 ఎక్కువ. ఇంగ్లీషులో 13.2కి బదులు 6.6, కంప్యూటర్స్‌లో 9.4కి బదులు 4.7, అంటే రెండూ కలిపి 11.3 తక్కువ. ఎక్కువా తక్కువా ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుని, చివరికి రెండు పాయింట్ల తేడా మాత్రమే మిగిలింది. అందుకే ఆ 71 అనుమానం రాకుండా దాక్కుంది. ఏ 40 శాతమో, 130 శాతమో వచ్చి ఉంటే మీరే పట్టుకునేవాళ్లు.

ఇలాంటి తప్పుని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అన్ని సబ్జెక్టుల్లోనూ నూటికి నూరు వచ్చాయనుకుని అదే పద్ధతిలో లెక్క వేసి చూడు. జవాబు 100 రావాలి. మీ అన్నయ్య పద్ధతిలో వేస్తే 150ని 0.30తో గుణిస్తే 45, తర్వాత 25, 20, 7.5, 5. మొత్తం 102.5! నూటికి నూటరెండున్నర ఎలా వస్తుంది? రాదు. కాబట్టి పద్ధతి తప్పు. జవాబు అతి తక్కువ శాతానికీ అతి ఎక్కువ శాతానికీ మధ్య ఉండాలని ఇంకో పరీక్ష చెప్తుంటారు. అదీ నిజమే, కానీ అది ఇక్కడ పనికిరాదు. 71 ఎలాగూ 62కీ 94కీ మధ్యే ఉంది కదా.

ఈ పరీక్ష నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, తలబొప్పి కట్టి నేర్చుకున్నాను. కొత్తగా పాఠాలు చెప్పే రోజుల్లో మార్కుల రిజిస్టరు నా చేతికిచ్చారు. అచ్చం మీ అన్నయ్యలాగే గుణించుకుంటూ పోయాను. ఎవరికీ అనుమానం రాలేదు. అందరికీ అరవైలూ డెబ్బైలే వచ్చాయి మరి. చివర్లో ఒక పిల్లవాడికి 101 శాతం వచ్చింది. వాడి వల్ల నా తప్పు బయటపడింది కానీ, అంత బాగా చదివేవాడు ఆ క్లాసులో లేకపోతే రిజిస్టరు అలాగే వెళ్లిపోయేది. రాత్రంతా కూర్చుని మళ్లీ వేశాను.

ఈ మూడూ కాక ఇంకో తప్పు ఉంది. నువ్వు చేయలేదు గానీ, వచ్చే ఏడాది చేసే అవకాశం ఉంది కాబట్టి చెప్తున్నా. ఇంగ్లీషు, కంప్యూటర్స్ ఫలితాలు ఇంకా రాలేదనుకో. చేతిలో ఉన్నవి మూడు సబ్జెక్టులే. కుదించిన మార్కులు కూడితే 18.6, 17, 14.8 కలిసి 50.4. ఇది చూసి "అయ్యో, 50 శాతమేనా" అని ఏడ్చినవాళ్లని చూశాను. 50.4 అన్నది శాతం కాదు, 75కి వచ్చిన మార్కులు. ఎందుకంటే ఈ మూడింటి వెయిటేజీ కలిపితే 75 మాత్రమే. ఇప్పటివరకు నీ శాతం తెలియాలంటే 50.4ని 75తో భాగించి వందతో గుణించాలి. 67.2 వస్తుంది. వెయిటేజీల మొత్తం వంద కానప్పుడల్లా ఆ మొత్తంతో భాగించాలి. వెయిటేజీకి బదులు 4, 3, 2 అంటూ క్రెడిట్లు ఇచ్చిన చోట కూడా సూత్రం ఇదే. శాతాన్ని క్రెడిట్‌తో గుణించి, కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించడమే.

ఆ 50.4కి ఇంకో ఉపయోగం కూడా ఉంది. అది అప్పటికే జేబులో పడ్డ మార్కులు. 75 చేరాలంటే ఇంకా 24.6 కావాలి. మిగిలిన రెండు సబ్జెక్టుల వెయిటేజీ 25. అంటే ఆ రెండింట్లో కలిపి 98.4 శాతం రావాలన్నమాట. నువ్వు 88, 94 తెచ్చుకున్నావు. అవి మంచి మార్కులే, కానీ 75కి ఆ మంచి సరిపోలేదు. మొదటి మూడు ఫలితాలు వచ్చిన రోజే ఈ లెక్క వేసి ఉంటే, ఇంప్రూవ్‌మెంట్ గురించి అప్పుడే ఆలోచించేదానివి.

కంప్యూటర్లో వేసుకుంటానంటే, స్ప్రెడ్‌షీట్‌లో B వరుసలో వచ్చిన మార్కులు, C వరుసలో గరిష్ఠ మార్కులు, D వరుసలో వెయిటేజీలు రెండో అడ్డవరుస నుంచి ఆరో అడ్డవరుస దాకా నింపి, ఖాళీ గడిలో ఇది రాయి.

```
=SUMPRODUCT(B2:B6/C2:C6, D2:D6)/SUM(D2:D6)*100
```

73 రావాలి. చివర్లో SUM(D2:D6)తో భాగించడం వల్ల వెయిటేజీని 30 అని రాసినా, 30% అని రాసినా, క్రెడిట్లు రాసినా జవాబు మారదు. ఒక్కటి మాత్రం చూసుకో. ఫలితం రాని సబ్జెక్టు మార్కుల గడిని ఖాళీగా వదిలేస్తే ఈ సూత్రం దాన్ని సున్నాగా తీసుకుంటుంది, పైగా ఒక్క మాట కూడా అనదు. పైన చెప్పిన 50.4 అలాగే పుడుతుంది. ఫలితం వచ్చేదాకా ఆ సబ్జెక్టు అడ్డవరుసని లెక్కలోంచి తీసెయ్యాలి.

ఇక నీ అసలు ప్రశ్నకి వద్దాం. 73 నుంచి 75కి రెండు పాయింట్లు కావాలి. ఎక్కడ దొరుకుతాయో తెలియాలంటే, ఎక్కడ పోయాయో చూడాలి. వందలో నువ్వు పోగొట్టుకున్న 27 పాయింట్లు ఇలా పోయాయి. మ్యాథ్స్‌లో 11.4, ఫిజిక్స్‌లో 8, కెమిస్ట్రీలో 5.2, ఇంగ్లీషులో 1.8, కంప్యూటర్స్‌లో 0.6. ఇది చూస్తే రెండు సబ్జెక్టులు వెంటనే పక్కకి పోతాయి. ఇంగ్లీషులో 50కి 50 తెచ్చుకున్నా 1.8 మాత్రమే పెరుగుతుంది, 74.8 దగ్గర ఆగిపోతావు. కంప్యూటర్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. బాగా వచ్చిన సబ్జెక్టే మళ్లీ రాస్తే ఇంకా బాగా వస్తాయని చాలామంది అలాంటి వాటికే ఫీజు కడతారు. అక్కడ పెరగడానికి చోటే లేదు.

మిగిలినవి మూడు. మ్యాథ్స్‌లో రెండు పాయింట్లు రావాలంటే 10 మార్కులు పెరగాలి, 93 కాస్తా 103 కావాలి. ఫిజిక్స్‌లో 8 మార్కులు పెరిగితే చాలు, 68 నుంచి 76కి. కెమిస్ట్రీలో 10 మార్కులు, 74 నుంచి 84కి. పైపైన చూస్తే ఫిజిక్స్ చవక. ఒక్కో మార్కు విలువ ఎంతో తెలియాలంటే వెయిటేజీని గరిష్ఠ మార్కులతో భాగించాలి. ఫిజిక్స్ మార్కు 0.25 పాయింటు, మ్యాథ్స్ మార్కు 0.20, కెమిస్ట్రీదీ 0.20. ఆ మాటకొస్తే అన్నిటికంటే ఖరీదైన మార్కు ఇంగ్లీషుది, ఒక్కోటి 0.30. కాకపోతే అక్కడ మిగిలినవే ఆరు మార్కులు.

కానీ మార్కు విలువ ఒక్కటే చూసి ఫిజిక్స్ రాయమని చెప్పను. 150 మార్కుల పేపరులో 10 మార్కులంటే పేపరులో పదిహేనో వంతు. 100 మార్కుల పేపరులో 8 మార్కులంటే దాదాపు పన్నెండో వంతు. శాతంలో చెప్పాలంటే మ్యాథ్స్‌లో 62 నుంచి 69కి కాస్త లోపల దాకా వెళ్తే చాలు, ఫిజిక్స్‌లో 68 నుంచి 76కి వెళ్లాలి, కెమిస్ట్రీలో 74 నుంచి 84కి. పైకి వెళ్లేకొద్దీ మార్కు దొరకడం కష్టమవుతుందని నీకు నేను చెప్పాలా? ఇంకోలా చూడు. మ్యాథ్స్‌లో పోయిన 57 మార్కుల్లో పది తిరిగి తెచ్చుకోవాలి. ఫిజిక్స్‌లో పోయిన 32లో ఎనిమిది, కెమిస్ట్రీలో పోయిన 26లో పది. ఈ మూడింట్లో తక్కువ భాగం రాబట్టాల్సింది మ్యాథ్స్‌లోనే. పైగా కాస్త ఎక్కువ కష్టపడి 15 మార్కులు పెంచుకోగలిగితే మూడు పాయింట్లు పెరిగి 76 అవుతుంది. అంత వెసులుబాటు కెమిస్ట్రీలో ఉండదు.

నేనైతే మ్యాథ్స్ రాయమంటాను. అయితే ముందు నీ జవాబు పత్రం దొరికితే తీసి చూడు, లేకపోతే ప్రశ్నపత్రం పెట్టుకుని గుర్తుచేసుకో. పోయిన 57 మార్కులు ఒకటి రెండు చాప్టర్లు చదవకపోవడం వల్ల గంపగుత్తగా పోయాయా? అయితే ఆ చాప్టర్లు కూర్చుని నేర్చుకుంటే పది మార్కులు ఎక్కడికీ పోవు. అలా కాక ప్రతి లెక్కలోనూ రెండేసి, మూడేసి మార్కులు కోత పడి ఉంటే, అది అలవాటు సమస్య. ఇంప్రూవ్‌మెంట్‌కి ఉన్న కొద్ది వారాల్లో అలవాటు మారడం కష్టం. అప్పుడు ఫిజిక్స్ వైపు చూడు, అక్కడ వదిలేసిన ప్రశ్నలు ఏమైనా ఉన్నాయేమో.

సరిగ్గా 103 తెచ్చుకుని ఊరుకోవద్దు. కారణం చెప్తాను. 103ని 30తో గుణించి 150తో భాగిస్తే 20.6, మొత్తం కచ్చితంగా 75. ఇదే లెక్కని ఎవరైనా ముందు శాతం తీసి వేశారనుకో. 103ని 150తో భాగిస్తే 68.666 అంటూ తెగకుండా సాగుతుంది. రెండు అంకెల దగ్గర కోసేసి 68.66 అని రాసుకుంటే, దానిలో 30 శాతం 20.598. మొత్తం 74.998. 75 తప్పిపోయింది! నీ మార్కులు మారలేదు, మధ్యలో కోసిన చిన్న తోక వల్ల ఫలితం మారింది. అందుకే ముందు గుణించాలి, తర్వాత భాగించాలి, సవరించడం ఏదైనా ఉంటే చివరి అంకెకే చేయాలి. ఇలా జరిగితే లెక్క చూపించి అడిగే హక్కు నీకుంది. అయినా ఆ అడగడాలూ తిరగడాలూ లేకుండా ఉండాలంటే ఇంకో రెండు మూడు మార్కులు ఎక్కువ పెట్టుకుని చదువు. 102 దగ్గర ఆగితే 74.8. దాన్ని 75గా సర్దేస్తారని ఎవరైనా చెప్తే, ఆ మాట ప్రవేశ నిబంధనల్లో రాసి ఉందో లేదో నీ కళ్లతో చూసుకునేదాకా నమ్మకు.

ఇంకొక్కటి కనుక్కో. ఇంప్రూవ్‌మెంట్‌లో మార్కులు తగ్గితే పాతవి ఉంచుతారా, కొత్తవే లెక్కలోకి తీసుకుంటారా? ఒక్కో చోట ఒక్కో నిబంధన ఉంటుంది. పాతవి ఉంచేట్టయితే భయం లేదు, మ్యాథ్స్‌కి ఫీజు కట్టెయ్యి. కొత్తవే తీసుకునేట్టయితే, నిన్ను పైకి లేపే 30 శాతమే కిందికీ లాగుతుంది. పది మార్కులు పెరిగితే 75, పది తగ్గితే 71. అలాంటి నిబంధన ఉంటే ఫీజు కట్టే ముందు పాత ప్రశ్నపత్రాలు రెండు తీసుకుని, గడియారం ముందు పెట్టుకుని ఇంట్లో రాయి. వేరే ఎవరి చేతనైనా దిద్దించు. రెండింట్లోనూ 105 దాటితేనే ఫారం నింపు.